దోమల మందు మింగిన బిడ్డకు వాంతి చేయించవద్దు

"డాక్టరు గారూ, మా పాపకి ఏడాదిన్నర. పోయిన వారం రాత్రి మెషీన్‌లోంచి దోమల మందు సీసా ఊడదీసి నోట్లో పెట్టుకుంది. ఎంత మింగిందో తెలీదు, బాగా దగ్గింది. మా అత్తయ్య గారు ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించారు. ఆస్పత్రిలో కడుపు కడగమంటే వద్దన్నారు, ఎక్స్‌రే కూడా వెంటనే తీయలేదు. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టి పంపించారు. ఇప్పుడు బాగానే ఉంది. మేం చేసింది తప్పా? వాళ్లు సరిగ్గానే చూశారా? మాది రైతు కుటుంబం, ఇంట్లో పొలం మందులు, ఎలుకల మందు, బియ్యంలో వేసే గోళీలు కూడా ఉంటాయి. ఆ మందుల గాలి పీల్చినా ఇదే వైద్యమా?"
— ఒక అమ్మ, పశ్చిమ గోదావరి జిల్లా

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట "దగ్గింది" అన్నది. ఆ ఒక్క మాటను బట్టే ఆస్పత్రిలో డాక్టరు గారు ఏం చేయాలో, ఏం చేయకూడదో నిర్ణయించుకుని ఉంటారు.

ఆ సీసా మీద చిన్న అక్షరాల్లో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ 1.6 శాతం అనో, అంతకు కాస్త తక్కువో రాసి ఉంటుంది. దోమలను చంపేది అదే. మిగతాదంతా దాదాపు వాసన తీసేసిన కిరోసిన్, అందులో కొంచెం సెంటు. ఏడాదిన్నర పిల్ల ఒక గుటకలో మింగేది సుమారు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను. అందులో అసలు మందు 60, 70 మిల్లీగ్రాములకు మించదు. అంత కొంచెంతో ఆ మందు వల్ల పెద్ద ప్రమాదం రావడం అరుదు. పాపను ఇబ్బంది పెట్టింది దోమల మందు కాదు, దాన్ని కలిపిన కిరోసిన్.

కిరోసిన్ కడుపులోకి వెళితే పెద్దగా ఏమీ చేయదు. కాసేపు తేన్పులు, కడుపులో వికారం, ఒకటి రెండు నీళ్ల విరేచనాలు, అంతే. అది పొలమారితేనే కష్టం. నీళ్ల మీద ఒక చుక్క కిరోసిన్ వేసి చూడండి, క్షణంలో రంగురంగుల పొరలా అంతటా పరుచుకుంటుంది. ఊపిరితిత్తుల్లోనూ అదే చేస్తుంది. మన ఊపిరితిత్తుల నిండా ఉండే చిన్న చిన్న గాలి తిత్తులు ముడుచుకుపోకుండా వాటి లోపల నురుగులాంటి పల్చటి పూత ఒకటి ఉంటుంది. కిరోసిన్ ఆ పూతను చెడగొడుతుంది. తిత్తులు అతుక్కుపోతాయి, వాపు వస్తుంది, నీరు చేరుతుంది. దీనికి టీస్పూను కూడా అక్కర్లేదు, ఒక మిల్లీలీటరు లోపే చాలు.

ఇప్పుడు వాంతి సంగతి. మింగేటప్పుడు ఒకసారి పొలమారే అవకాశం ఉంది. వాంతి చేయిస్తే కడుపులో ఊరికే పడి ఉన్న కిరోసిన్ మళ్లీ గొంతు దాకా వచ్చి రెండోసారి పొలమారే అవకాశం ఇస్తున్నాం. కడుపు కడగడానికి గొట్టం వేసినా పిల్లలు వాంతి చేసుకుంటారు, అదే ప్రమాదం. అందుకే ఆ డాక్టరు గారు వద్దన్నారు. బొగ్గు పొడి మందు కూడా ఇచ్చి ఉండరు, అది కిరోసిన్‌ను సరిగ్గా పట్టుకోలేదు, పైగా వాంతి తెప్పిస్తుంది. ఏమీ చేయకుండా కూర్చోబెట్టారని మీకు అనిపించిన ఆ కొన్ని గంటలు నిజానికి సరైన వైద్యమే.

మీ అత్తయ్య గారిని ఒక్క మాట కూడా అనకండి. ఆవిడ చిన్నప్పటి నుంచి విన్నది ఆవిడ చేశారు. కానీ ఉప్పునీళ్ల గురించి ఇంట్లో అందరికీ తెలియాలి. ఒక పెద్ద చెంచా ఉప్పు 15 గ్రాములకు పైగా తూగుతుంది. వాంతి కాకుండా అది లోపలే ఉండిపోతే పది కిలోల బిడ్డకు రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరిగి, ఫిట్స్ వచ్చి, ప్రాణం మీదికి వస్తుంది. దోమల మందు కంటే ఉప్పునీళ్లే ఎక్కువ హాని చేసే సందర్భం ఇది. ఒకవేళ ఎవరైనా పట్టించేసి ఉంటే సిగ్గుపడి దాచొద్దు, ఆస్పత్రిలో మొదటే చెప్పండి, సోడియం పరీక్ష చేస్తారు. చింతపండు రసం, కోడిగుడ్డు సొన, నూనె, గొంతులో వేలు పెట్టడం కూడా వద్దు. పాలు కూడా బలవంతంగా తాగించొద్దు. కడుపు నిండితే వాంతి దానంతట అదే అవుతుంది.

మరి ఏం చేయాలి? సీసా లాక్కుని పక్కన పెట్టండి, పారేయొద్దు. నోట్లో వత్తి ముక్క లాంటిది ఏమైనా ఉంటే కనిపించినంత వరకు తీసి, తడిగుడ్డతో పెదాలు, నాలుక తుడవండి. తర్వాత బట్టలు విప్పేయండి. ఇది చాలామంది మర్చిపోతారు. గౌను ముందు భాగం కిరోసిన్‌తో తడిసి ఉంటే, బిడ్డను గుండెలకు హత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లేంతసేపూ ఆ ఆవిరినే పీలుస్తూ ఉంటుంది, ఒంటి మీద చర్మం కూడా ఎర్రగా కమిలిపోతుంది. సబ్బు, నీళ్లతో ఒళ్లు కడిగి పొడి బట్ట చుట్టండి. కంట్లో పడితే మామూలు నీళ్లు ధారగా పోస్తూ 15 నిమిషాలు కడగాలి. టైము ఎంతయిందో గుర్తు పెట్టుకోండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117 నంబరుకు 24 గంటల్లో ఎప్పుడైనా డబ్బులు లేకుండా ఫోన్ చేయొచ్చు. మీరే కాదు, మీ ఊరి డాక్టరు కూడా అడగొచ్చు. అయితే బిడ్డ దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా ముందు బయల్దేరండి, ఫోన్ దారిలో చేసుకోవచ్చు.

దారిలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టొద్దు. మెలకువగా ఉంటే నిటారుగా కూర్చోబెట్టి పట్టుకోండి. మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. మూర్ఛలో నోట్లో చెంచా పెట్టే పని అస్సలు చేయొద్దు.

పొలమారిందా లేదా అని మీకు మీరే తెలుసుకోవచ్చు. మింగిన వెంటనే దగ్గు, ఉక్కిరిబిక్కిరి, ఊపిరిలో కిరోసిన్ వాసన ఉంటే పొలమారిందనే అనుకోవాలి. తర్వాత చొక్కా పైకెత్తి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40, అంతకు మించి ఉంటే వేగంగా ఉన్నట్టు. రెండు నెలలు నిండి ఏడాది లోపున్న పసివాళ్లకు ఆ లెక్క 50. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు.

ఇక ఎక్స్‌రే. మొదటి గంటలో తీస్తే అది చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఆ ఫొటో చూసి ధైర్యంగా ఇంటికి పంపేస్తే, అర్ధరాత్రికి ఆయాసంతో మళ్లీ పరుగెత్తుకు రావాలి. వాపు కనపడటానికి టైము పడుతుంది, అందుకే నాలుగు నుంచి ఆరు గంటలు ఆగి తీస్తారు. ఆరు గంటలు గడిచేసరికి దగ్గు, ఆయాసం, జ్వరం ఏవీ లేకుండా, వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ బాగుండి, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే ఇంటికి పంపొచ్చు. చాలామంది పిల్లలు ఇలాగే వెళ్లిపోతారు. మీ పాపకు దగ్గుతో పాటు ఆక్సిజన్ తగ్గి ఉంటుంది, అందుకే ఉంచేశారు. ఈ కిరోసిన్ న్యుమోనియా మొదటి రెండు మూడు రోజుల్లో ముదిరి, తర్వాత దానంతట అది తగ్గుతూ వస్తుంది. దీనికి విరుగుడు లేదు. ఆక్సిజన్, అవసరమైతే సెలైన్, పిల్లికూతలు ఉంటే నెబులైజర్, మరీ ఎక్కువైతే వెంటిలేటర్, ఇంతే వైద్యం.

మొదటి రోజు జ్వరం వచ్చినా యాంటీబయాటిక్ ఇవ్వలేదని చాలామంది తల్లులు కంగారు పడతారు. ఆ జ్వరం క్రిముల వల్ల కాదు, రసాయనం వల్ల వచ్చిన వాపు తాలూకు జ్వరం. అది రెండు మూడు రోజులు దాటి కొనసాగినా, తగ్గి మళ్లీ వచ్చినా అప్పుడు యాంటీబయాటిక్ గురించి ఆలోచించాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల ఇందులో ఉపయోగం లేదు. వైద్యం గురించి మీరు అడిగినదానికి నా జవాబు ఇదే: వాళ్లు సరిగ్గానే చూశారు.

సీసా పారేయొద్దని ఎందుకన్నానో చెప్తాను. కొన్నేళ్ల క్రితం రెండేళ్ల బాబును మా వార్డుకు తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, మొహం ఎర్రగా కందిపోయింది, గుండె దడదడలాడుతోంది, కనుపాపలు బాగా పెద్దవై ఉన్నాయి, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తున్నాడు. దారిలో ఒక చిన్న ఆస్పత్రిలో "పురుగుల మందు తాగాడు" అన్న మాట విని అట్రోపిన్ ఇంజెక్షన్లు వరసగా ఇచ్చేశారు. వాళ్ల నాన్న వెనక్కి వెళ్లి తెచ్చిన సీసా చూస్తే అది దోమల రీఫిల్. దానికి అట్రోపిన్ అవసరమే లేదు. బాబు ఒళ్లంతా చూపిస్తున్నది మందు విషం కాదు, వైద్యం విషం. ఇంజెక్షన్ ఆపి, ఒళ్లు చల్లబరిచి చూసుకుంటే మర్నాటికి తేరుకున్నాడు. ఆ సీసా ముందే తెచ్చి ఉంటే ఆ రాత్రి అంత టెన్షన్ ఉండేది కాదు. సీసా తేవడం కుదరకపోతే లేబుల్‌ను అక్షరాలు కనపడేలా ఫొటో తీయండి. దాని మీద పక్కకి తిప్పిన చతురస్రంలో ఒక రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే విషమైనది, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. విరుగుడు ఏమిటో కూడా అక్కడే రాసి ఉంటుంది.

మీ ఇంట్లో పొలం మందులు కూడా ఉన్నాయన్నారు, కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. పైన చెప్పిన ఆరు గంటల లెక్క దోమల రీఫిల్‌కు మాత్రమే. అన్ని మందులకూ అది వర్తిస్తుందనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

క్లోరోపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి పొలం మందులు నరాల మీద పనిచేస్తాయి. బిడ్డకు చొంగ ఆగకుండా కారుతుంది, కళ్లు నీళ్లు కారుతాయి, కనుపాప సూదిమొనంత అయిపోతుంది, విరేచనం, మూత్రం తెలియకుండా పోతాయి, ఛాతీలో గరగర, కండరాలు అదరడం కనిపిస్తాయి. చిన్నపిల్లల్లో ఇవన్నీ వరసగా రాకుండా నేరుగా ఫిట్స్‌తోనో, ఒళ్లు వేలాడేసిపోయో కూడా మొదలవుతుంది. ఇక్కడ అట్రోపిన్ ప్రాణం నిలబెడుతుంది. ఛాతీలో గరగర పోయేదాకా కొన్ని నిమిషాలకోసారి మోతాదు రెట్టిస్తూ ఇస్తారు. ఇందులోనూ ఇంట్లో వాంతి చేయించకూడదు. లేబుల్ మీద "ఇ.సి." అని ఉండి, నీళ్లలో పోస్తే పాలలా మారే మందుల్లో కిరోసిన్ జాతి ద్రావకం కూడా ఉంటుంది, కాబట్టి పొలమారే భయం అలాగే ఉంటుంది. పైగా ఈ మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. బిడ్డను కడిగేవాళ్లు చేతులకు గ్లవ్స్ లేకపోతే ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి. బిడ్డ తేరుకున్నాక కూడా నాలుగైదు రోజులు ఆస్పత్రిలోనే ఉంచుతారు. మొదటి రోజు బాగుపడిన పిల్లలకు రెండో రోజో మూడో రోజో మెడ నిలపలేని నీరసం, ఊపిరి బలహీనపడటం రావచ్చు. "బాగానే ఉంది కదా" అని మీరు డిశ్చార్జి అడగొద్దు.

ఎలుకల మందు అంటే ఒకటి కాదు. బిస్కట్ ముక్కలా ఉండే కేకుల్లో సాధారణంగా రక్తం గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది. దాని ప్రభావం రెండు రోజుల తర్వాత గానీ తెలియదు, అందుకే 48 గంటలకు రక్తపరీక్ష చేయించాలి. అవసరమైతే విటమిన్ కె ఇస్తారు. నల్లటి పొడిలో ఉండే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్లాక విషవాయువు అవుతుంది. ట్యూబులో వచ్చే పేస్టు మాత్రం నన్ను అన్నిటికంటే భయపెడుతుంది. అందులో పసుపు భాస్వరం ఉంటుంది, చూడటానికి టూత్‌పేస్టులా ఉంటుంది. తిన్న బిడ్డ మొదటి రోజు ఒకటి రెండు వాంతులు చేసుకుని మర్నాటికి ఆడుకుంటూ కనిపిస్తుంది. మూడో నాలుగో రోజుకు కళ్లు పచ్చబడి కాలేయం దెబ్బతింటుంది. ఆ మధ్యలో ఉన్న మంచి రోజును నమ్మి ఇంటికి తెచ్చేసుకున్న వాళ్లను చూశాను. పేస్టు వేలికి అంటుకుని నాకినా సరే, రోజూ కాలేయ పరీక్షలు చేసి చూడగల పెద్ద ఆస్పత్రికే వెళ్లాలి.

ఇప్పుడు పీల్చడం గురించి. బొద్దింకల స్ప్రే కొట్టిన గదిలో పాప దగ్గితే బయటి గాలిలోకి తీసుకెళ్లి, మొహం, చేతులు కడిగి, బట్టలు మార్చండి. ఎక్కువ మందికి కాసేపట్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, పిల్లికూతలు వచ్చినా ఆస్పత్రికి వెళ్లాలి, ముందు నుంచీ ఆయాసం ఉన్న పిల్లలైతే ఇంకా త్వరగా.

కానీ బియ్యం బస్తాల్లో పెట్టే గోళీల సంగతి పూర్తిగా వేరు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. మూడు గ్రాముల గోళీ ఒకటి గాలిలోని తేమ తగిలి సుమారు ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. అది తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి పక్క గదికి పాకుతుంది. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వస్తుంది. వాసన తెలియకపోయినా వాయువు ఉండొచ్చు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, కడుపునొప్పి, అసహనం మొదలై, పిల్లల చేతులు కాళ్లు చల్లబడుతుంటే అందరూ ఫుడ్ పాయిజన్ అనుకుంటారు. రాత్రి ఏం తిన్నారని అడిగేవాళ్లే ఎక్కువ, బియ్యం గదిలో ఏం పెట్టారని అడిగేవాళ్లు తక్కువ. మీరే ముందుగా చెప్పండి. పిల్లలు మొదట దెబ్బతింటారు, గుండె మీద ప్రభావం పడుతుంది, దీనికి విరుగుడు లేదు. అనుమానం రాగానే ఇంట్లో ఉన్న అందరినీ బయటికి తీసుకొచ్చి నేరుగా ఐసీయూ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. గోళీలు తీయడానికి లోపలికి వెళ్లొద్దు, వాటి మీద నీళ్లు పోయొద్దు, నీళ్లు తగిలితే వాయువు ఒక్కసారిగా వస్తుంది. మనుషులు పడుకునే ఇంట్లో ఈ గోళీలు వాడకూడదు. ఈ విషయంలో నేను రాజీపడలేను. బియ్యం పురుగు పట్టకుండా ఎండబెట్టుకోండి, వేపాకు వేసుకోండి, పురుగు పడితే జల్లించుకోండి.

పొలం మందు కొంచెమే మిగిలిందని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచొద్దు. ఖాళీ డబ్బాలను నూనెకో, నీళ్లకో వాడొద్దు. 2013 జులైలో బిహార్‌లో సారణ్ జిల్లా గండామన్ గ్రామ బడిలో మోనోక్రోటోఫాస్ కలిసిన వంట నూనెతో చేసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మీ ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ పశువుల కొట్టంలోనో, పాకలోనో తాళం వేసిన పెట్టెలోకి ఈ రోజే మార్చేయండి. దోమల మెషీన్‌ను పాప చేయి అందని ఎత్తులో ఉన్న ప్లగ్గులో పెట్టండి, కొత్త రీఫిళ్లు అలమారా పై అరలో ఉండాలి. వత్తి ఉన్న బిరడాను చిన్నపిల్లలు పళ్లతో కూడా లాగేయగలరు.

పాప గురించి ఇంకొక్క మాట. ఆడుకుంటూ, తింటూ, ఊపిరి మామూలుగా ఉంటే మళ్లీ ఎక్స్‌రే తీయించాల్సిన పని లేదు. ఎక్స్‌రేలో మచ్చలు పిల్ల కోలుకున్న తర్వాత కూడా కొన్నాళ్లు కనిపిస్తాయి, వాటిని చూసి అనవసరంగా భయపడతారు. రాబోయే కొన్ని వారాల్లో జలుబు చేసినప్పుడు పిల్లికూతలు వచ్చినా, జ్వరం తిరగబెట్టినా, నిమిషానికి ఊపిరి 40 దాటినా ఒకసారి చూపించండి. అప్పుడు డాక్టరుకు "మొన్న దోమల రీఫిల్ పొలమారింది" అని మొదటి మాటగా చెప్పండి.